ట్రిప్సిన్ కోత నుంచి పెప్టైడ్ పేరు దాకా: ఒక అల్బుమిన్ ముక్కను వెంబడిస్తే

మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ప్రోటీన్ల పేర్లు తెలియవు. అది కొలిచేది అయాన్ల m/z మాత్రమే, అంటే ద్రవ్యరాశిని ఆవేశంతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఆ సంఖ్యల వరస చూసి "ఇది ఫలానా ప్రోటీన్" అని ప్రకటించేది సాఫ్ట్‌వేర్. అది కూడా కొత్తగా ఏదీ కనిపెట్టదు. మనం ఇచ్చిన జాబితాలో ఏ పెప్టైడ్ ఈ సంఖ్యలకు అన్నిటికంటే బాగా సరిపోతుందో వెతికి చెబుతుంది. ప్రోటియోమిక్స్ మొదలుపెట్టేవాళ్లు ముందుగా మనసులో పెట్టుకోవలసిన విషయం ఇదే. జాబితాలో లేనిది ఫలితంలో రాదు. పైగా దాని స్థానంలో ఇంకేదో వచ్చి కూర్చునే అవకాశం ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే ఒక్క పెప్టైడ్‌ను మొదటి నుంచి చివరి దాకా వెంబడించడం మంచి మార్గం. అందుకు ఆవు సీరమ్ అల్బుమిన్, అంటే బీఎస్ఏ, అనువైనది. పరికరం సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూడడానికి చాలా ప్రయోగశాలల్లో ముందు నడిపే నమూనా అదే. పరిపక్వ బీఎస్ఏలో 583 అమైనో ఆమ్లాలు ఉంటాయి, ద్రవ్యరాశి దాదాపు 66,400 డాల్టన్లు. దాన్ని ట్రిప్సిన్‌తో కోస్తే వచ్చే ముక్కల్లో ఒకటి LVNELTEFAK. పది అమైనో ఆమ్లాల ఈ చిన్న ముక్క దాదాపు ప్రతి బీఎస్ఏ పరుగులోనూ గట్టిగా కనబడుతుంది.

కోయడం ఎందుకు, ట్రిప్సిన్‌తోనే ఎందుకు

ప్రోటీన్‌ను కోయకుండానే కొలిచే పద్ధతులు ఉన్నాయి. అయితే వేల ప్రోటీన్లు కలిసిన మిశ్రమంలో అది కష్టం. పెద్ద అణువు డజన్ల కొద్దీ ఆవేశ స్థితుల్లో చీలిపోతుంది, ముక్కలు చేస్తే వచ్చే స్పెక్ట్రమ్ చిక్కుముడి అవుతుంది. ఏడు నుంచి పాతిక అమైనో ఆమ్లాల పెప్టైడ్లయితే కాలమ్‌లో చక్కగా విడిపోతాయి, సులభంగా అయాన్లవుతాయి, పగలగొడితే చదవదగ్గ ముక్కలిస్తాయి.

ట్రిప్సిన్ లైసిన్ (K), ఆర్జినిన్ (R) తర్వాత మాత్రమే కోస్తుంది. దాని క్రియాశీల స్థానంలోని గుంట అడుగున ఆస్పార్టేట్ ఉంటుంది. ఆ రుణావేశానికి పొడవైన ధనావేశ గొలుసు వచ్చి అతుక్కోవాలి, ఆ లక్షణం ఉన్నవి K, R మాత్రమే. వాటి తర్వాత ప్రోలిన్ ఉంటే మాత్రం కోత సాధారణంగా పడదు. ఈ కచ్చితత్వం వల్ల ఏ ప్రోటీన్ ఏ ముక్కలిస్తుందో కాగితం మీదే రాసుకోవచ్చు. రెండో లాభం ఇంకా విలువైనది. ప్రతి ముక్క కుడి చివర K గానీ R గానీ ఉంటుంది, ఎడమ చివర స్వేచ్ఛగా ఉన్న అమైన్ సమూహం ఉంటుంది. ఆమ్ల ద్రావణంలో రెండు చివర్లా చెరొక ప్రోటాన్ చేరి పెప్టైడ్ 2+ అయాన్ అవుతుంది. పగలగొట్టినప్పుడు రెండు వైపుల ముక్కలూ కనబడేది అందుకే.

గొట్టంలో జరిగే పని

బీఎస్ఏలో 35 సిస్టీన్లున్నాయి. వాటిలో 34 జతలు కట్టి 17 డైసల్ఫైడ్ బంధాలుగా ప్రోటీన్‌ను బిగించి ఉంచుతాయి. ముడి విప్పకుండా ట్రిప్సిన్ వేస్తే అది కోయవలసిన చోట్లను చేరలేదు. అందుకని ముందు యూరియాతో మడత విప్పాలి, తర్వాత డీటీటీతో డైసల్ఫైడ్లు తెంచాలి, ఆపైన అయోడోఅసిటమైడ్‌తో సిస్టీన్లకు మూత వేయాలి. అప్పుడు అవి మళ్లీ కలుసుకోవు.

100 మైక్రోగ్రాముల ప్రోటీన్‌ను 100 మైక్రోలీటర్ల 8 మోలార్ యూరియాలో, పీహెచ్ 8 దగ్గర ఉన్న బఫర్‌లో కరిగించామనుకుందాం. 500 మిల్లీమోలార్ డీటీటీ 1 మైక్రోలీటర్ వేస్తే గాఢత సుమారు 5 మిల్లీమోలార్ అవుతుంది. 37 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచాలి. తర్వాత 500 మిల్లీమోలార్ అయోడోఅసిటమైడ్ 3 మైక్రోలీటర్లు వేసి, గది ఉష్ణోగ్రతలో 30 నిమిషాలు చీకట్లో ఉంచాలి. అయోడోఅసిటమైడ్ వెలుగుకు విచ్ఛిన్నమవుతుంది కాబట్టి ద్రావణాన్ని అప్పటికప్పుడు చేసుకోవాలి. ప్రతి సిస్టీన్ మీదా 57.021 డాల్టన్లు చేరతాయి. ఈ సంఖ్యను తర్వాత సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి.

ఇక్కడ కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది యూరియా వేడి దగ్గర. పాత ప్రోటోకాల్‌లో డీటీటీ దశకు 56 డిగ్రీలు అని రాసి ఉంటుంది. యూరియా లేని ద్రావణానికి అది సరే. యూరియా ఉంటే మాత్రం వేడికి అది కొంత సయనేట్‌గా మారుతుంది. సయనేట్ వెళ్లి ప్రోటీన్‌లోని అమైన్ సమూహాలకు అతుక్కుని 43.006 డాల్టన్లు కలుపుతుంది. దీన్నే కార్బమైలేషన్ అంటారు. లైసిన్ మీద పడితే ట్రిప్సిన్ అక్కడ కోయదు. కోత పడ్డాక ముక్క ఎడమ చివర మీద పడితే LVNELTEFAK అయాన్ 582.319 దగ్గర కాకుండా 603.822 దగ్గర వస్తుంది. మన పెప్టైడ్ బలహీనపడి, 21.503 పైన ఒక జంట శిఖరం కనిపించిందంటే కారణం చాలావరకు ఇదే. యూరియా ఏ రోజుకారోజు కరిగించుకోవాలి, 37 డిగ్రీలు దాటనివ్వకూడదు.

ట్రిప్సిన్ వేసే ముందు యూరియాను పలచన చేయాలి. 8 మోలార్‌లో ట్రిప్సిన్ కూడా మడత విప్పుకుని చచ్చుబడుతుంది. 50 మిల్లీమోలార్ అమ్మోనియం బైకార్బొనేట్ 700 మైక్రోలీటర్లు కలిపితే యూరియా దాదాపు 1 మోలార్‌కు దిగుతుంది. అప్పుడు 2 మైక్రోగ్రాముల ట్రిప్సిన్, అంటే 50 వంతుల ప్రోటీన్‌కు ఒక వంతు, వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా, 12 నుంచి 16 గంటలు ఉంచాలి. ట్రిప్సిన్ తనను తాను కూడా కోసుకుంటుంది. అందుకే దాని లైసిన్లకు మిథైల్ తొడిగిన, సీక్వెన్సింగ్ గ్రేడ్‌గా అమ్మే రకాన్ని వాడాలి. చౌక రకంలో ఖైమోట్రిప్సిన్ కల్తీ ఉంటే ఫినైల్ అలనిన్, టైరోసిన్ వంటి వాటి తర్వాత కూడా కోతలు పడి జాబితా లెక్క తప్పుతుంది.

మర్నాడు ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం వేసి పీహెచ్ 3 లోపుకు దించితే ట్రిప్సిన్ ఆగిపోతుంది. బైకార్బొనేట్ వల్ల నురుగు పొంగుతుంది, మెల్లగా వేయాలి. పీహెచ్ కాగితంతో ఒక చుక్క చూసి తీరాలి. ఆమ్లం చాలకపోతే తర్వాతి దశలో చాలా పెప్టైడ్లు C18 రెసిన్‌కు అంటుకోకుండా లవణాలతో పాటు కొట్టుకుపోతాయి. ఆ దశలో జరిగేదేమిటంటే, C18 రెసిన్‌ను అసిటోనైట్రైల్‌తో తడిపి, 0.1 శాతం ఆమ్లంతో సమం చేసి, నమూనా ఎక్కించి, అదే ఆమ్లంతో కడిగి, చివర 50 శాతం అసిటోనైట్రైల్‌తో పెప్టైడ్లను దించడం. లవణాలూ యూరియా కడుగులో పోతాయి. డిటర్జెంట్ మాత్రం ఈ కడుగుకు పోదు. నమూనాలో ఎస్‌డీఎస్ లాంటిది ఉంటే దాన్ని ట్రిప్సిన్ కంటే ముందే వేరే పద్ధతిలో తీసేయాలి. స్పెక్ట్రమ్‌లో 44.026 దూరంలో వరసగా మెట్లు కట్టిన 1+ శిఖరాలు కనిపిస్తే అది పాలీఇథిలీన్ గ్లైకాల్. సాధారణంగా కొన్ని డిటర్జెంట్ల నుంచీ ప్లాస్టిక్ సామాను నుంచీ వస్తుంది.

కోత పూర్తయిందా లేదా అన్నది డేటా చూస్తేనే తెలుస్తుంది. బీఎస్ఏలో FKDLGEEHFK అనే ముక్క దీనికి మంచి గుర్తు. FK తర్వాత D ఉంది, రుణావేశం ఉన్న D పక్కన ట్రిప్సిన్ మందగిస్తుంది. కాబట్టి అక్కడ కొంత మిగలడం మామూలే, దాని పక్కన కోత పడిన DLGEEHFK కూడా బలంగా ఉంటే చాలు. అలాంటి ఇబ్బంది లేని చోట్ల కూడా K, R లు తెగకుండా మిగిలి ఉంటే ట్రిప్సిన్ చాలలేదని, లేదా యూరియా సరిగా పలచన కాలేదని అర్థం.

పరికరంలో ఏం కనబడుతుంది

పెప్టైడ్ల మిశ్రమం 75 మైక్రోమీటర్ల లోపలి వ్యాసం ఉన్న C18 కాలమ్‌లోకి, నిమిషానికి 300 నానోలీటర్ల చొప్పున వెళ్తుంది. అసిటోనైట్రైల్ శాతాన్ని గంటో గంటన్నరో మెల్లగా పెంచుతూ పోతే, నీటిని ఇష్టపడేవి ముందు, కొవ్వు స్వభావం ఉన్నవి తర్వాత బయటికొస్తాయి. కాలమ్ కొసన దాదాపు 2,000 వోల్టులు ఉంటాయి. అక్కడ ద్రవం సన్నటి తుంపరగా విడిపోయి, బిందువులు ఆరిపోయి, పెప్టైడ్ అయాన్లు పరికరంలోకి చేరతాయి. ఈ ఎలక్ట్రోస్ప్రేను పెద్ద జీవాణువులకు పనికొచ్చేలా చేసినందుకే జాన్ ఫెన్‌కు 2002లో రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది.

ముందు తీసే స్కాన్‌లో ఆ క్షణాన కాలమ్ నుంచి వస్తున్న అన్ని పెప్టైడ్ల m/z కనబడతాయి. మన ముక్క 582.319 దగ్గర ఉంటుంది, దాని వెంట 582.82, 583.32 దగ్గర చిన్న శిఖరాలు ఉంటాయి. కార్బన్-13 ఉన్న అణువుల వల్ల వచ్చినవి అవి. ఒక్కో కార్బన్-13 దాదాపు 1 డాల్టన్ పెంచుతుంది. శిఖరాల మధ్య దూరం అందులో సగమే ఉంది కాబట్టి ఆవేశం 2+. అప్పుడు 582.319ని రెండుతో గుణించి, రెండు ప్రోటాన్ల ద్రవ్యరాశి 2.015 తీసేస్తే పెప్టైడ్ ద్రవ్యరాశి 1162.623 డాల్టన్లని తేలుతుంది.

ద్రవ్యరాశి ఒక్కటే చాలదు. అదే ద్రవ్యరాశి ఉన్న పెప్టైడ్లు జాబితాలో ఎన్నో ఉంటాయి, అవే అక్షరాలు వేరే వరసలో ఉన్నా ద్రవ్యరాశి మారదు. అందుకే పరికరం బలమైన అయాన్లను ఒక్కొక్కటిగా ఎంచి, దాదాపు 1.5 m/z వెడల్పు కిటికీలోంచి వేరుచేసి, నైట్రోజన్ వాయువుతో ఢీకొట్టి పగలగొడుతుంది. ఒకసారి పగలగొట్టినదాన్ని సుమారు అర నిమిషం పక్కన పెట్టి మిగతావాటికి అవకాశం ఇస్తుంది. 1+ అయాన్లను సాధారణంగా వదిలేయమంటారు, వాటిలో ఎక్కువ భాగం పెప్టైడ్లు కావు.

ఢీకొన్నప్పుడు పెప్టైడ్ ఎక్కువగా పెప్టైడ్ బంధం దగ్గరే విరుగుతుంది. ఎడమ చివర ఉన్న ముక్కను b అనీ, కుడి చివర ఉన్న ముక్కను y అనీ అంటారు, పక్కన ఉన్న అంకె అందులోని అమైనో ఆమ్లాల సంఖ్య. LVNELTEFAK నుంచి వచ్చే y అయాన్లు ఇవి:

```
y1  K           147.113
y2  AK          218.150
y3  FAK         365.218
y4  EFAK        494.261
y5  TEFAK       595.309
y6  LTEFAK      708.393
y7  ELTEFAK     837.435
y8  NELTEFAK    951.478
y9  VNELTEFAK  1050.547
```

పక్కపక్క శిఖరాల తేడాలు తీసుకుంటే వరస చదవవచ్చు. y2 నుంచి y3కి 147.068, అది ఫినైల్ అలనిన్. తర్వాత 129.043 గ్లుటమేట్, 101.048 థ్రియొనిన్, 113.084 లూసిన్. y1 దగ్గర 147.113 కనిపిస్తే చివర K ఉన్నట్టు, 175.119 ఉంటే R ఉన్నట్టు. మరో తనిఖీ కూడా ఉంది. ఒకే చోట విరిగిన b, y లను కలిపితే ఎప్పుడూ ఒకే మొత్తం రావాలి. b2 అంటే LV, 213.160. దాని జోడీ y8 951.478. మొత్తం 1164.638, సరిగ్గా 582.319కి రెట్టింపు. కాగితం మీద ఈ లెక్క ఒక్కసారి చేతితో చేసినవాళ్లకు ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ చూపించే రంగు గీతలు భయపెట్టవు.

నిజమైన స్పెక్ట్రమ్ ఇంత శుభ్రంగా ఉండదు. K ప్రోటాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి y లు బలంగా ఉంటాయి, పెద్ద b లు తరచు కనబడవు. కొన్ని ముక్కలు నీరో అమ్మోనియానో కోల్పోయి 18 లేదా 17 కింద ఇంకో శిఖరమిస్తాయి.

జాబితాతో పోల్చడం

ఇలా ఒక్కో స్పెక్ట్రమ్‌ను చేత్తో చదవడం కుదరదు, గంటన్నర పరుగులో పదుల వేల స్పెక్ట్రాలు వస్తాయి. అందుకే సాఫ్ట్‌వేర్ తిరగేసి పనిచేస్తుంది. ప్రోటీన్ వరసలున్న ఫాస్టా ఫైల్ తీసుకుని, ట్రిప్సిన్ నియమం ప్రకారం కోసి, ప్రతి పెప్టైడ్‌కూ ద్రవ్యరాశి లెక్కవేస్తుంది. మన స్పెక్ట్రమ్ ద్రవ్యరాశికి 10 పీపీఎం లోపు ఉన్నవాటిని అభ్యర్థులుగా ఎంచుతుంది. 582.319 దగ్గర ఆ హద్దు అటూ ఇటూ 0.006 మాత్రమే. ప్రతి అభ్యర్థికీ రావలసిన b, y లను లెక్కించి, ఉన్న శిఖరాలతో పోల్చి మార్కులు వేస్తుంది. 1994లో వచ్చిన సీక్వెస్ట్ నుంచి నేటి ప్రోగ్రాముల దాకా మూలసూత్రం ఇదే.

మనం ఇవ్వవలసిన వివరాలు కొన్నే. కోత నియమం ట్రిప్సిన్, తెగకుండా మిగిలే చోట్లు రెండు దాకా. సిస్టీన్ మీద 57.021 స్థిరంగా. మెథియొనిన్ ఆక్సీకరణ 15.995, ప్రోటీన్ ఎడమ చివర అసిటైల్ 42.011 ఉండొచ్చు ఉండకపోవచ్చు అని. ఈ స్థిరం, ఐచ్ఛికం అన్న తేడా ముఖ్యం. సిస్టీన్ మార్పును అసలు చెప్పకపోతే సిస్టీన్ ఉన్న పెప్టైడ్లన్నీ ఫలితం నుంచి మాయమవుతాయి. ఐచ్ఛిక మార్పులు పెంచుతూ పోతే అభ్యర్థులు విపరీతంగా పెరిగి, కాకతాళీయంగా సరిపోయేవి కూడా ఎక్కువవుతాయి.

ప్రతి స్పెక్ట్రమ్‌కూ ఎవరో ఒకరు మొదటి స్థానంలో వస్తారు. అది నిజమా కాదా? దీనికి వాడే ఉపాయం డెకాయ్. ప్రోటీన్ వరసలన్నిటినీ తిరగేసి, ప్రకృతిలో లేని వరసలుగా జాబితాలో కలుపుతారు. వాటికి వచ్చే గెలుపులన్నీ కాకతాళీయమే. ఒక మార్కు హద్దు పైన అసలు వరసలకు 10,000, డెకాయ్‌లకు 100 గెలుపులు వస్తే, అసలువాటిలో కూడా సుమారు 100 తప్పులుంటాయని అంచనా. అంటే 1 శాతం. సాధారణంగా హద్దును అక్కడే పెడతారు.

డెకాయ్‌కు చిక్కని తప్పు

మనిషి కణాలను ఆవు దూడ సీరమ్ కలిపిన మాధ్యమంలో పెంచి, వాటి ప్రోటీన్లను విశ్లేషించామనుకుందాం. ఎంత కడిగినా కొంత ఆవు అల్బుమిన్ మిగులుతుంది. అందులోంచి LVNELTEFAK వస్తుంది. మనం మాత్రం సాఫ్ట్‌వేర్‌కు మనిషి ప్రోటీన్ల ఫైల్ ఒక్కటే ఇచ్చాం.

మనిషి అల్బుమిన్‌లో అదే చోట ఉన్న పెప్టైడ్ LVNEVTEFAK. ఒక్క అక్షరమే తేడా, L బదులు V. దాని 2+ అయాన్ 575.311 దగ్గర ఉంటుంది. రెండింటి ద్రవ్యరాశిలో తేడా 14.016 డాల్టన్లు, అంటే ఒక CH2. మిథైల్ సమూహం చేరితే పెరిగేది కూడా సరిగ్గా అంతే. ఐచ్ఛిక మార్పుల్లో గ్లుటమేట్ మిథైలేషన్‌ను కూడా చేర్చి ఉంటే, సాఫ్ట్‌వేర్ LVNEVTEFAK లోని మొదటి E మీద మిథైల్ ఉందని ప్రతిపాదిస్తుంది. మొత్తం ద్రవ్యరాశి అచ్చంగా సరిపోతుంది. y1 నుంచి y5 దాకా రెండు పెప్టైడ్లకూ ఒకటే. y7, y8, y9 కూడా సరిపోతాయి, ఎందుకంటే మిథైల్ ఉన్న E ఆ ముక్కల్లో చేరిపోయింది. b2, b3 కూడా అంతే. తేడా వచ్చేది ఒకే బంధం దగ్గర. ఆవు పెప్టైడ్‌కు y6 708.393, b4 456.245. ప్రతిపాదించిన దానికి y6 694.377, b4 470.261 రావాలి.

తొమ్మిది y లలో ఎనిమిది కుదిరిన ఈ జత మంచి మార్కులతో 1 శాతం హద్దు సునాయాసంగా దాటుతుంది. డెకాయ్‌లు యాదృచ్ఛిక పోలికను కొలుస్తాయి, నిజమైన చుట్టరికం ఉన్న వరసల మధ్య పొరపాటును కొలవవు. ఫలితంగా "మనిషి అల్బుమిన్‌లో కొత్త మిథైలేషన్" అని పట్టికలో ఒక వరస చేరుతుంది.

నివారణ ఖర్చులేనిది. ఫాస్టా ఫైల్‌లో ఆవు అల్బుమిన్, ట్రిప్సిన్, చర్మం నుంచి వచ్చే కెరాటిన్లు వంటి కాలుష్య ప్రోటీన్ల జాబితాను ఎప్పుడూ కలపాలి. అప్పుడు LVNELTEFAK కూడా అభ్యర్థి అవుతుంది, y6తో సహా అన్నీ కుదిరి గెలుస్తుంది. ఏదైనా అరుదైన మార్పు కనిపిస్తే ఆ స్పెక్ట్రమ్‌ను తెరిచి, మార్పు ఉందన్న చోటుకు రెండు పక్కలా విరిగిన శిఖరాలు నిజంగా ఉన్నాయా అని చూడాలి. రెండూ లేకపోతే మార్పు ఎక్కడ ఉందో తెలియనట్టే. అయోడోఅసిటమైడ్ ఎక్కువైనా ఇలాంటి వలే తయారవుతుంది. లైసిన్ మీద రెండుసార్లు అతుక్కుంటే 114.043 పెరుగుతుంది, యుబిక్విటిన్ ట్రిప్సిన్ కోత తర్వాత లైసిన్ మీద వదిలే రెండు గ్లైసిన్ల ద్రవ్యరాశి కూడా అదే. యుబిక్విటిన్ కోసం వెతికేవాళ్లు అయోడోఅసిటమైడ్ బదులు క్లోరోఅసిటమైడ్ వాడడం అందుకే.

అన్ని శిఖరాలూ కుదిరాక కూడా తేలని సంగతి ఒకటుంది. లూసిన్, ఐసోలూసిన్‌ల ద్రవ్యరాశి ఒకటే, 113.084. y5, y6 మధ్య తేడా అక్కడ ఆ రెండింటిలో ఒకటుందని మాత్రమే చెబుతుంది. అది L అని రాస్తున్నది ఫాస్టా ఫైల్‌ను నమ్మి. అలాగే ఒక పెప్టైడ్ దొరికితే ప్రోటీన్ దొరికినట్టు కూడా కాదు, అదే ముక్క ఇంకో ప్రోటీన్‌లోనూ ఉండవచ్చు. ఆవు అల్బుమిన్ ఉందని రాయడానికి LVNELTEFAKతో పాటు, జాబితాలో మరే ప్రోటీన్‌కూ చెందని పెప్టైడ్ ఇంకొకటైనా చేతిలో ఉండాలి.